స్టాక్‌లో లాభం తీసేశాక మైనారిటీ ఇంటరెస్ట్ ఎంత? మూడు జవాబులూ టాలీ అవుతున్నాయి

వెన్నెల_బీకామ్

అందరికీ నమస్కారం. కన్సాలిడేటెడ్ బ్యాలెన్స్ షీట్ లెక్క ఒకటి రెండు రోజులుగా తేలడం లేదు. నేనూ, నా స్నేహితులు ఇద్దరూ విడివిడిగా చేస్తే మూడు జవాబులు వచ్చాయి. టాలీ కాకపోతే ఎక్కడో తప్పు చేశామని వెతుక్కునేవాళ్ళం. కానీ మూడూ టాలీ అయ్యాయి. ఏది సరైనదో ఎలా తెలుసుకోవాలో అర్థం కావడం లేదు.

లెక్క ఇది. అంకెలన్నీ వేలల్లో. ఏడాది మొదటి రోజున హెచ్ కంపెనీ, ఎస్ కంపెనీలో 80 శాతం షేర్లను 600 పెట్టి కొన్నది. ఆ రోజు ఎస్ షేర్ క్యాపిటల్ 500, రిజర్వులు 150. ఏడాది చివర రెండు కంపెనీల బ్యాలెన్స్ షీట్లు ఇలా ఉన్నాయి:

```
                  హెచ్      ఎస్
షేర్ క్యాపిటల్      1000     500
రిజర్వులు           400     250
క్రెడిటర్లు          250     150
మొత్తం            1650     900

స్థిరాస్తులు         700     520
ఎస్ షేర్లు          600      -
స్టాక్             180     140
డెబ్టార్లు          120     200
బ్యాంక్             50      40
మొత్తం            1650     900
```

ఈ ఏడాది ఎస్ తన అసలు ధర మీద 25 శాతం లాభం వేసుకుని హెచ్‌కి 120 సరుకు అమ్మింది. అందులో సగం, అంటే ఇన్‌వాయిస్ ప్రకారం 60 సరుకు, ఇంకా హెచ్ గోడౌన్‌లోనే ఉంది. ఎస్ డెబ్టార్లలో హెచ్ ఇవ్వాల్సిన 40 ఉంది. హెచ్ క్రెడిటర్లలోనూ అదే 40 కనిపిస్తోంది.

నా జవాబు: స్టాక్‌లోంచి 12 తీసేసి, ఆ 12 మొత్తాన్నీ హెచ్ రిజర్వుల్లో తగ్గించాను. రిజర్వులు 468, మైనారిటీ ఇంటరెస్ట్ 150, బ్యాలెన్స్ షీట్ మొత్తం 1978.

నా స్నేహితురాలిది: స్టాక్‌లోంచి 12 తీసింది కానీ రిజర్వులు 470.4, మైనారిటీ 147.6. మొత్తం అదే 1978.

మూడో అతనిది: 12లో 80 శాతం, అంటే 9.6 మాత్రమే స్టాక్‌లోంచి తీశాడు. రిజర్వులు 470.4, మైనారిటీ 150, మొత్తం 1980.4.

గుడ్‌విల్ ముగ్గురికీ 80 వచ్చింది. ఎవరిది సరైనది?

---

డెబిట్_ముందు

ముగ్గురిదీ తప్పే అనుకుంటా. లాభం 25 శాతం అన్నారు. 60లో 25 శాతం 15 అవుతుంది. స్టాక్‌లోంచి తీయాల్సింది 15. 12 ఎక్కడి నుంచి వచ్చింది?

ఇక మైనారిటీ సంగతంటే, ఎస్ అమ్మింది కాబట్టి మైనారిటీకి కూడా అందులో భాగం తగ్గించాలి. మీ స్నేహితురాలి పద్ధతి కరెక్ట్, అంకె మాత్రం తప్పు.

---

ఆడిట్_దీపం

డెబిట్_ముందు గారూ, పద్ధతి మీద మీరు చెప్పింది సరైనదే. 15 మాత్రం కాదు. ప్రశ్నలో "అసలు ధర మీద" అని ఉంది. అసలు ధర 100 అయితే ఇన్‌వాయిస్ 125. హెచ్ పుస్తకాల్లో కనిపించే 60 ఇన్‌వాయిస్ ధర, కాబట్టి అందులో లాభం 60 × 25/125, అంటే 12. మిగిలిన 48 ఎస్‌కి అయిన అసలు ఖర్చు. సరిచూసుకోవడానికి 48 మీద 25 శాతం వేసి చూడండి, మళ్ళీ 60 వస్తుంది. 15 తీసేస్తే మిగిలేది 45, దాని మీద 25 శాతం వేస్తే 56.25 మాత్రమే వస్తుంది. "అమ్మకం ధర మీద 25 శాతం" అని ఇచ్చి ఉంటే అప్పుడు 15 సరైనది. 15 వేసినా బ్యాలెన్స్ షీట్ టాలీ అవుతుంది, కాబట్టి ఈ తప్పు చివర్లో కూడా బయటపడదు. ఇక్కడే పట్టుకోవాలి.

వెన్నెలా, నీ అసలు ప్రశ్నకి వస్తాను. టాలీ అవడం దేనికీ సాక్ష్యం కాదు. నువ్వు స్టాక్‌లోంచి ఎంత తీస్తే అంతే అప్పుల వైపు ఎక్కడో ఒకచోట తీస్తున్నావు. రిజర్వుల్లో తీసినా, మైనారిటీలో తీసినా, రెండింటిలో పంచినా మొత్తం కలుస్తుంది. నీది, నీ స్నేహితురాలిది చూడు: 468 + 150 కలిపితే 618. 470.4 + 147.6 కలిపితే కూడా 618. ఒక జేబులోంచి ఇంకో జేబులోకి 2.4 మారింది, అంతే. అందుకని ఈ లెక్కలో మొత్తం చూడకుండా రెండు ప్రశ్నలు వేసుకోవాలి. స్టాక్ ఏ ధరకి మిగలాలి? ఆ లాభం ఎవరి పుస్తకాల్లో పడింది?

మొదటి ప్రశ్నకి జవాబు, గ్రూప్‌కి అసలు ఎంత ఖర్చయిందో ఆ ధరకి. హెచ్, ఎస్ రెండూ ఒకటే ఇల్లు అనుకో. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి సరుకు జరిపితే దాని ఖరీదు పెరగదు. బయటి నుంచి వచ్చినప్పుడు 48 పడింది, కాబట్టి 48కే చూపించాలి. మూడో అతను 9.6 తీస్తే ఆ సరుకు 50.4 దగ్గర ఆగింది. అది ఎస్ ఖర్చూ కాదు, హెచ్ కొన్న ధరా కాదు. దాన్ని ఎవరూ ఎప్పుడూ చెల్లించలేదు. ఆ జవాబు తప్పనడానికి అదొక్కటే చాలు.

రెండో ప్రశ్నకి, అమ్మింది ఎస్. 12 లాభం ఎస్ ఈ ఏడాది సంపాదించిన 100లో కలిసి ఉంది. కాబట్టి ముందు ఆ 100ని 88 చెయ్యి, ఆ తర్వాత 80:20గా పంచు. హెచ్‌కి 70.4, మైనారిటీకి 17.6. నీ స్నేహితురాలిది సరైన జవాబు.

---

వెన్నెల_బీకామ్

ధన్యవాదాలు మేడమ్. 50.4 సంగతి చదివాక మూడో జవాబు ఎందుకు తప్పో బాగా అర్థమైంది. నాది మాత్రం ఇంకా పూర్తిగా తప్పనిపించడం లేదు. సరుకు ఉన్నది హెచ్ దగ్గర కదా? హెచ్ స్టాక్ తగ్గుతుంటే హెచ్ రిజర్వులే తగ్గాలి అనుకున్నాను.

---

ఆడిట్_దీపం

నీలా ఆలోచించేవాళ్ళు చాలామంది ఉంటారు. సరుకు ఎవరి దగ్గర ఉంది అనేది స్టాక్ వైపు ఎంట్రీకే పనికొస్తుంది. లాభం వైపు చూడాల్సింది ఎవరు అమ్మారని. హెచ్ ఈ 60 సరుకు మీద ఇంకా పైసా లాభం రాసుకోలేదు. కొన్న ధరకే ఉంచుకుంది. రాసుకోని లాభాన్ని హెచ్ రిజర్వుల్లోంచి ఎలా తీస్తావు?

ఇదే సరుకును హెచ్ ఎస్‌కి అమ్మి ఉంటే నీ జవాబే కరెక్ట్ అయ్యేది. అప్పుడు లాభం హెచ్ పుస్తకాల్లో ఉంటుంది, 400లోంచి 12 మొత్తం పోతుంది, ఎస్ సంపాదించిన 100 తాకకుండా ఉంటుంది. రిజర్వులు 400 − 12 + 80, అంటే 468. మైనారిటీ 150. చూశావా, నువ్వు ఇంకో ప్రశ్నకి సరైన జవాబు రాశావు. అందుకే ప్రశ్న చదివేటప్పుడు "ఎవరు ఎవరికి అమ్మారు" అన్న వాక్యం కింద గీత గీసుకోమని నా దగ్గర పనిచేసే పిల్లలకి కూడా చెబుతాను.

---

పాత_చిట్టా

నేను చాలా ఏళ్ళు కాలేజీలో అకౌంట్స్ చెప్పి రిటైర్ అయ్యాను. మూడో అబ్బాయిని అంత తేలిగ్గా తీసెయ్యకండి. మేము చెప్పిన రోజుల్లో చాలా పుస్తకాల్లో హోల్డింగ్ కంపెనీ వాటా వరకే లాభం తీసేవాళ్ళం. ఆ అబ్బాయి చేతికి పాత పుస్తకం వచ్చి ఉంటుంది.

దాని వెనకాల ఆలోచన కూడా ఉంది. మైనారిటీ వాళ్ళ వైపు నుంచి చూడండి. వాళ్ళకి హెచ్‌లో ఏ వాటా లేదు. వాళ్ళ కంపెనీ ఎస్ సరుకు అమ్మింది, ఇన్‌వాయిస్ ఇచ్చింది, డబ్బు వసూలు చేసుకుంటుంది. వాళ్ళకి సంబంధించినంతవరకు ఆ అమ్మకం పూర్తయింది, లాభం వచ్చేసింది. హెచ్ ఆ సరుకు అమ్ముకోలేకపోతే అది హెచ్ తలనొప్పి. అలాంటప్పుడు వాళ్ళ 20 శాతంలోంచి 2.4 ఎందుకు తగ్గించాలి? వాళ్ళ వాటా లాభం నిజంగా వచ్చిందని మేము 80 శాతమే తీసేవాళ్ళం.

---

ఆడిట్_దీపం

మాస్టారూ, ఆ వాదనకి బలం లేదని నేను అనను. కానీ ఏఎస్ 21 వచ్చాక, అంటే 2001 ఏప్రిల్ 1 తర్వాత మొదలైన సంవత్సరాల నుంచి, గ్రూప్ లోపలి లావాదేవీల్లో చేతికి రాని లాభాన్ని పూర్తిగా తీసెయ్యాలి. వాటా మేరకు అన్న మాట అందులో లేదు. ఇండ్ ఏఎస్ 110 కూడా పూర్తిగానే అంటుంది. కాబట్టి స్టాక్‌లోంచి 12 పోవడంలో ఇప్పుడు రెండో మాట లేదు.

మైనారిటీ వాళ్ళు నష్టపోతున్నారా అంటే, లేదు. ఎస్ విడి పుస్తకాల్లో ఆ 12 అలాగే ఉంటుంది. డివిడెండ్ ఆ పుస్తకాల నుంచే ప్రకటిస్తారు. కన్సాలిడేటెడ్ షీట్‌లో 147.6 అని రాస్తే వాళ్ళ హక్కు ఏమీ తగ్గదు. అది గ్రూప్ నికర ఆస్తుల్లో వాళ్ళ భాగం ఎంతో చెప్పే అంకె. గ్రూప్ లెక్కలో ఆ లాభం ఇంకా పుట్టలేదు, కాబట్టి అందులో వాళ్ళ భాగమూ పుట్టలేదు. హెచ్ ఆ సరుకును బయటివాళ్ళకి అమ్మిన రోజున 12 తిరిగి వస్తుంది, అందులో వాళ్ళ 2.4 కూడా వస్తుంది.

---

పాత_చిట్టా

పూర్తిగా తియ్యాలన్నది ఒప్పుకుంటాను. నా రెండో అనుమానం మిగిలే ఉంది. ఏఎస్ 21లో ఆ పేరా ఈ 12 లాభాన్ని మొత్తం తియ్యమంటుంది గానీ, 12లో మైనారిటీ ఎంత మొయ్యాలో చెప్పదు. అలాంటప్పుడు వెన్నెల చేసినట్టు మొత్తం హోల్డింగ్ కంపెనీ మీద వేసినా పేరా ప్రకారం తప్పు పట్టలేం కదా?

---

ఆడిట్_దీపం

ఆ పేరాని మాత్రమే పట్టుకుంటే మీరన్నది నిజమే, పంపకం గురించి అందులో లేదు. మైనారిటీ వాటా సబ్సిడరీ లాభంలోంచి లెక్కిస్తాం కాబట్టి, ఆ లాభాన్ని ముందు సరిచేసి తర్వాత పంచడం ఆచారంగా నిలబడింది. నేను చూసిన పరీక్ష సమాధానాల్లో ఎక్కువ ఇలాగే ఉంటాయి. అయినా ఎవరైనా 468, 150 రాసి, కింద "అన్‌రియలైజ్డ్ ప్రాఫిట్ మొత్తం హోల్డింగ్ కంపెనీ భరించినట్టు తీసుకున్నాను" అని స్పష్టంగా రాస్తే నేనైతే మార్కులన్నీ తీసెయ్యను. ఏమీ రాయకుండా 468 వేస్తే మాత్రం, ఎవరు అమ్మారో గమనించలేదనే అనుకుంటాను.

---

నీలి_సిరా

ఇక్కడ అందరూ పూర్తిగా తీసెయ్యాలంటున్నారు. మా ఆఫీసులో 30 శాతం వాటా ఉన్న ఒక కంపెనీ నుంచి సరుకు కొన్నాం, ఏడాది చివర స్టాక్‌లో మిగిలింది. ఆడిటర్ మా వాటా మేరకే, అంటే లాభంలో 30 శాతమే తియ్యమన్నారు. అంటే ఆయన తప్పు చెప్పినట్టా? ఇప్పుడు నాకు టెన్షన్‌గా ఉంది.

---

డెబిట్_ముందు

పూర్తిగా తీసెయ్యాల్సిందే అండీ. పైన చదవలేదా?

---

ఆడిట్_దీపం

ఆగండి, మీ ఆడిటర్ తప్పు చెప్పలేదు. మీది వేరే సంగతి. ప్రత్యేకమైన ఒప్పందం ఏదైనా ఉంటే తప్ప 30 శాతంతో కంట్రోల్ ఉండదు. అది సబ్సిడరీ కాదు, అసోసియేట్. అసోసియేట్ స్టాక్, డెబ్టార్లు, బ్యాంక్ ఏవీ లైన్ వారీగా మీ షీట్‌లోకి రావు. పెట్టుబడి అన్న ఒకే లైన్‌లో మీ వాటా లాభం కలుస్తుంది. ఆ కంపెనీ లాభంలో 30 శాతం మాత్రమే మీరు తీసుకున్నారు కాబట్టి తీసెయ్యాల్సింది కూడా 30 శాతమే. మిగతా 70 శాతం మీ లెక్కల్లోకి ఎప్పుడూ రాలేదు. మైనారిటీ ఇంటరెస్ట్ అన్న లైనే అక్కడ ఉండదు.

వెన్నెల లెక్కలో అలా కాదు. ఎస్ ఆస్తుల్ని నూటికి నూరు శాతం కలిపి, బయటివాళ్ళ 20 శాతాన్ని అప్పుల వైపు చూపిస్తున్నాం. నూరు శాతం కలిపినప్పుడు తీసేది కూడా నూరు శాతమే. మూడో అబ్బాయి 9.6 వెనక పాత పుస్తకం ఉండవచ్చు, లేదా అసోసియేట్ నియమాన్ని సబ్సిడరీకి వాడి ఉండవచ్చు. ఈ రెండూ ఒకే అంకె దగ్గరికి తీసుకొస్తాయి.

---

గ్రూప్_రిపోర్టింగ్

పుస్తకంలో "హెచ్ స్టాక్‌లో 60 ఉంది" అని ఒక వాక్యంలో ఇచ్చేస్తారు. ఉద్యోగంలో ఆ 60 తేలడానికే మాకు పది రోజులు పడుతుంది. మా అనుభవం చెబుతాను, విద్యార్థులకీ పనికొస్తుంది.

మా హోల్డింగ్ కంపెనీ స్టాక్ లిస్టులో ఐటమ్, సంఖ్య, రేటు ఉంటాయి. ఎవరి దగ్గర కొన్నారో ఉండదు. అదే ఐటమ్‌ని బయట సప్లయర్ దగ్గరా కొంటాం, మా సబ్సిడరీ దగ్గరా కొంటాం, రేటు వెయిటెడ్ యావరేజ్. కాబట్టి గోడౌన్‌లో ఉన్న దాంట్లో సబ్సిడరీ సరుకు ఎంత అన్నది నేరుగా తెలియదు. చివరి రెండు నెలల రసీదులు చూసి, వచ్చిన నిష్పత్తిలో విడదీశాం. అది అంచనాయే. ఆ సంగతి వర్కింగ్ నోట్‌లో రాసి పెట్టాం.

రెండో చిక్కు లాభం శాతం. మొదటి ఏడాది సబ్సిడరీ వాళ్ళు తమ మొత్తం అమ్మకాల గ్రాస్ మార్జిన్ పంపారు, మేమూ అదే వేసేశాం. తర్వాత ఇన్‌వాయిస్‌లు తీసి చూస్తే, మాకు అమ్మిన రేటులో మార్జిన్ బయటివాళ్ళకి అమ్మినదానికంటే చాలా తక్కువ. కాబట్టి తీసెయ్యాల్సిన దానికంటే ఎక్కువ తీసేశాం. ఆ ఏడాదీ అంతా టాలీ అయ్యింది, ఎవరూ గమనించలేదు. మరుసటి ఏడాది సరిచేసుకోవాల్సి వచ్చింది. అప్పటి నుంచి కంపెనీ మొత్తం మార్జిన్ అడగం, గ్రూప్‌కి అమ్మిన ఐటమ్‌ల మార్జిన్ అడుగుతాం.

మూడోది దారిలో ఉన్న సరుకు. వెన్నెల లెక్కలో రెండు వైపులా 40 ఉంది కాబట్టి హాయిగా కొట్టేశారు. ఎస్ పుస్తకాల్లో 40 ఉండి, హెచ్ పుస్తకాల్లో 34 మాత్రమే ఉంటే?

---

వెన్నెల_బీకామ్

34కి 34 కొట్టేసి, మిగిలిన 6ని డెబ్టార్లలో ఉంచుతానేమో? బయటివాళ్ళ బాకీలా?

---

గ్రూప్_రిపోర్టింగ్

అలా చేస్తే సొంత కంపెనీ దగ్గర ఉన్న బాకీని బయటివాళ్ళ బాకీగా చూపించినట్టు అవుతుంది. ముందు తేడా ఎందుకు వచ్చిందో కనుక్కోవాలి. అది దారిలో ఉన్న సరుకు అయితే, అంటే ఎస్ ఇన్‌వాయిస్ వేసి పంపింది, ఏడాది ముగిసేసరికి హెచ్‌కి చేరలేదు అయితే, హెచ్ వైపు 6 స్టాక్, 6 క్రెడిటర్లు పెంచాలి. ఇప్పుడు రెండు వైపులా 40 అయింది, పూర్తిగా కొట్టేయవచ్చు.

చాలామంది ఇక్కడ ఆగిపోతారు. ఆ 6లో కూడా ఎస్ లాభం ఉంది కదా! ఆ సరుకు ఇంకా బయటికి పోలేదు. కాబట్టి తీసెయ్యాల్సింది 60 మీద కాదు, 66 మీద. 66 × 25/125, అంటే 13.2. మైనారిటీ వాటా లాభం 100 − 13.2 = 86.8లో 20 శాతం, అంటే 17.36. దారిలో ఉన్నది సరుకు కాక డబ్బు అయితే ఈ గొడవ లేదు. క్యాష్ ఇన్ ట్రాన్సిట్ అని బ్యాంక్ వైపు 6 పెరుగుతుంది, అంతే.

---

వెన్నెల_బీకామ్

ఇది మా నోట్స్‌లో లేదు. చాలా థాంక్స్ అన్నా. పైన చెప్పినవన్నీ పెట్టుకుని మొదటి లెక్క మళ్ళీ చేశాను. ఒకసారి చూస్తారా?

```
గుడ్‌విల్    = 600 − 80% × (500 + 150)             = 80
ఎస్ లాభం    = (250 − 150) − 12                    = 88
మైనారిటీ    = 20% × 500 + 20% × 150 + 20% × 88    = 147.6
రిజర్వులు    = 400 + 80% × 88                      = 470.4
స్టాక్       = 180 + 140 − 12                      = 308
డెబ్టార్లు    = 120 + 200 − 40                      = 280
క్రెడిటర్లు   = 250 + 150 − 40                      = 360
```

అప్పుల వైపు 1000, 470.4, 147.6, 360 కలిపి 1978. ఆస్తుల వైపు స్థిరాస్తులు 1220, గుడ్‌విల్ 80, స్టాక్ 308, డెబ్టార్లు 280, బ్యాంక్ 90 కలిపి 1978.

---

ఆడిట్_దీపం

సరిగ్గా ఉంది. గుడ్‌విల్ లైన్‌లో నువ్వు 12ని కలపలేదు, అది బాగా చేశావు. కొందరు 150 రిజర్వుల్లోంచి కూడా 12 తీసేసి గుడ్‌విల్ పెంచేస్తారు. ఈ అమ్మకం షేర్లు కొన్న తర్వాత జరిగింది, కాబట్టి అది కొన్న రోజు నాటి రిజర్వుల్ని ముట్టుకోదు.

---

డెబిట్_ముందు

దీని మీదే నాకో అనుమానం. హెచ్ షేర్లు కొనక ముందే ఎస్ దగ్గర సరుకు కొని పెట్టుకుంది, అది ఏడాది చివర కూడా ఇంకా ఉంది అనుకోండి. అప్పుడు ఆ లాభం కూడా తియ్యాలా? నేనైతే తీసేవాణ్ణి, ఎందుకంటే ఇప్పుడు రెండూ ఒకే గ్రూప్.

---

ఆడిట్_దీపం

అమ్మిన రోజున అవి రెండు వేరు వేరు కంపెనీలు. హెచ్ నిజంగానే బయటివాళ్ళ దగ్గర కొన్నది. గ్రూప్‌కి ఆ సరుకు ఖర్చు హెచ్ చెల్లించిన ధరే. కాబట్టి నేను తియ్యను. ఆ లాభం కొన్న రోజు నాటి రిజర్వుల్లో ఉండి, గుడ్‌విల్ లెక్కలో ఇప్పటికే కలిసింది.

---

పాత_చిట్టా

ఇక్కడ మేడమ్‌తో ఏకీభవిస్తాను. కానీ ప్రశ్నల్లో అమ్మకం తేదీ చాలాసార్లు ఇవ్వరు. "ఏడాదిలో అమ్మింది" అని మాత్రమే ఉంటుంది, షేర్లు ఏడాది మధ్యలో కొన్నట్టు ఉంటుంది. అలాంటప్పుడు కొన్న తర్వాతే అమ్మినట్టు ఊహించి, ఆ మాట రాసి ముందుకు పోవాలి. వేరే దారి లేదు.

---

వెన్నెల_బీకామ్

ఇంకొక్క ప్రశ్న అడిగి ఆపుతాను. మా స్నేహితురాలు ఇదే లెక్కని కొంచెం మార్చి నాకు ఇచ్చింది. హెచ్ దగ్గర ఉన్న ఆ 60 సరుకుకి ఏడాది చివర మార్కెట్లో 55 మాత్రమే వస్తుందట. అందుకని హెచ్ తన పుస్తకాల్లో ముందే 55కి తగ్గించి, 5 నష్టం రాసేసింది. హెచ్ స్టాక్ 175, రిజర్వులు 395. ఇప్పుడు స్టాక్‌లోంచి 12 తీస్తే 43 మిగులుతుంది. అది ఎస్ ఖర్చు 48 కంటే తక్కువ. ఏదో తేడాగా ఉంది.

---

గ్రూప్_రిపోర్టింగ్

తేడాగానే ఉంది, 12 తియ్యకూడదు. గ్రూప్‌కి ఖర్చు 48, మార్కెట్ 55. రెండిట్లో తక్కువది 48. ఇప్పుడు 55 ఉంది కాబట్టి 7 తీస్తే చాలు. ఎస్ లాభం 93 అవుతుంది, అందులో మైనారిటీకి 18.6. మైనారిటీ మొత్తం 148.6, రిజర్వులు 395 + 74.4, అంటే 469.4. టాలీ కూడా అవుతుంది.

---

ఆడిట్_దీపం

స్టాక్‌లోంచి 7 అన్నది కరెక్ట్. మైనారిటీ అంకె మీద నాకు అభ్యంతరం ఉంది. ఆ 7ని రెండు ముక్కలుగా చూడండి. ఎస్ రాసుకున్న 12 లాభం గ్రూప్‌లో లేదు, అది పోవాలి. హెచ్ రాసుకున్న 5 నష్టం కూడా గ్రూప్‌లో లేదు, ఎందుకంటే గ్రూప్‌కి 48 పడిన సరుకు 55కి అమ్ముడుపోతుంది. ఆ నష్టం హెచ్‌కి తిరిగి రావాలి. ఒకటి ఎస్‌ది, ఇంకోటి హెచ్‌ది.

అప్పుడు హెచ్ రిజర్వులు 395 + 5, మళ్ళీ 400. ఎస్ లాభం 88. మైనారిటీ 147.6, రిజర్వులు 470.4, స్టాక్ 175 + 140 − 7, అంటే 308. మొదటి లెక్క జవాబే వచ్చింది. అలాగే రావాలి కూడా. హెచ్ తన పుస్తకాల్లో రాసుకున్న ఒక నష్టం వల్ల, అసలు నష్టమే లేని గ్రూప్‌లో మైనారిటీ వాటా 147.6 నుంచి 148.6కి ఎందుకు పెరగాలి?

---

గ్రూప్_రిపోర్టింగ్

నిజమే. మేము ఇన్నాళ్ళూ నికర అంకె తీసుకుని సబ్సిడరీ మీదే వేస్తున్నాం. పాత ఫైళ్ళు తీసి చూడాలి.

---

పాత_చిట్టా

మేడమ్, మార్కెట్ ధర 55 కాకుండా 45 అయితే? హెచ్ 60ని 45కి తగ్గించి 15 నష్టం రాస్తుంది, రిజర్వులు 385 అవుతాయి. గ్రూప్‌కి కూడా 48, 45లో తక్కువది 45. స్టాక్‌లోంచి తియ్యాల్సింది సున్నా. తియ్యాల్సిన లాభమే స్టాక్‌లో మిగల్లేదు. అలాంటప్పుడు ఎస్ లాభాన్ని ముట్టుకోకుండా మైనారిటీని 150 దగ్గరే వదిలెయ్యడం న్యాయం అనిపిస్తుంది నాకు. రిజర్వులు 385 + 80, 465. రెండూ కలిపి 615.

---

ఆడిట్_దీపం

నేను పైన చెప్పిన దారిలోనే వెళ్తే ఎస్ 12 పోతుంది, హెచ్ 15 నష్టంలో 12 వెనక్కి వస్తుంది, గ్రూప్‌కి నిజమైన నష్టం 3 మిగులుతుంది. రిజర్వులు 385 + 12 + 70.4 = 467.4, మైనారిటీ 147.6. అదీ 615. నేను ఇదే వేస్తాను. కానీ స్టాక్‌లో ఒక్క పైసా సర్దుబాటు లేకుండా మైనారిటీలో మాత్రం 2.4 కదపడం చూడటానికి వింతగా ఉంటుందని ఒప్పుకుంటాను. మీరు చెప్పినట్టు 150 దగ్గర వదిలేసిన షీట్లు కూడా నేను చూశాను.

---

పాత_చిట్టా

నేను 150 దగ్గరే ఉంటాను మేడమ్. స్టాక్‌లో లేని లాభాన్ని మైనారిటీలోంచి తీసెయ్యడానికి నా మనసు ఒప్పుకోవడం లేదు.

---

వెన్నెల_బీకామ్

ఇద్దరికీ ధన్యవాదాలు. 55 లెక్కకి మేడమ్ చెప్పినట్టు 12, 5 విడదీసి చేశాను, 147.6 వచ్చింది. 45 లెక్క రేపు మా లెక్చరర్‌కి రెండు జవాబులతోనూ చూపించి, ఆయన ఏమన్నారో ఇక్కడే రాస్తాను.